‘గ్లూటెన్ ఉచితం’ అంటే ఎవరు కొంటారు?

ఫోన్‌లో షాపింగ్ యాప్ భాషను తెలుగులోకి మార్చి, కొర్ర రవ్వ కోసం వెతికారనుకోండి. పేజీ తెరుచుకోగానే పైన ఇలా కనిపిస్తుంది: “నక్కతోక మిల్లెట్ రవా ఉప్మా రవా గ్లూటెన్ ఉచితం మధుమేహం స్నేహపూర్వక బరువు నష్టం అల్పాహారం వండడానికి సిద్ధం 500 గ్రా 2 యొక్క ప్యాక్”. కింద ఇంకో వాక్యం: “చల్లని పొడి ప్రదేశంలో దుకాణం”.

ఇది నేను కూర్చిన నమూనా. కానీ ఇందులో ఉన్న తప్పుల్లాంటివి తెలుగు పేజీల్లో మీకు కొత్త కాదు. అక్షరాలు తెలుగువే, మాటలు మాత్రం ఎవరూ మాట్లాడేవి కావు. చదివి మనం నవ్వుకుంటాం. కొనాలనుకున్న గృహిణి మాత్రం నవ్వదు. ఇది ఏ ధాన్యం? గ్లూటెన్ అనేదేదో ఫ్రీగా ఇస్తున్నారా? వచ్చేది అరకిలోనా, కిలోనా? మూడింటికీ జవాబు దొరకదు. ఆమె వెనక్కి వెళ్లి ఇంకో పేజీ తెరుస్తుంది. అమ్మేవాడికి తన బేరం ఎక్కడ పోయిందో కూడా తెలియదు.

ఇలాంటి పేజీని బాగుచేయడం ఇప్పుడు ఒక పని. జీతం వచ్చే పని. అయితే చాలామంది దీన్ని భాషకు మెరుగు పెట్టడం అనుకుంటారు. నా వాదన వేరు. మరమ్మతు భాషలో మొదలు కాదు, ప్యాకెట్ దగ్గర మొదలవుతుంది. వివరం తప్పుగా ఉండి తెలుగు మాత్రం చక్కగా కుదిరితే, ఆ పేజీ పాతదానికంటే ప్రమాదం. ఎందుకంటే వంకర తెలుగును ఎవరూ నమ్మరు, చక్కటి తెలుగును నమ్ముతారు.

మన దగ్గరి ఉదాహరణే ఎందుకంటే

సంగారెడ్డి జిల్లాలో చదువుతున్నవాళ్లకు ఈ ఉదాహరణ బయటిది కాదు. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ అక్కడి ముఖ్య పరిశోధన పంటలు. కొర్రలు, సామలు లాంటి చిన్న చిరుధాన్యాల విత్తన నమూనాలనూ అక్కడి జన్యు బ్యాంకులో దాచారు. అదే జాతీయ రహదారి మీద జహీరాబాద్ వైపు వెళ్తే పస్తాపూర్ వస్తుంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా చిరుధాన్యాలు పండిస్తున్నాయి. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. అంటే పరిశోధన, పంట, పరిశ్రమ మూడూ ఒకే రోడ్డు మీద ఉన్న జిల్లా మనది.

ఈ బెల్టులో చిరుధాన్యాలు ఆడించి ప్యాక్ చేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకోండి. యజమాని, నలుగురైదుగురు పనివాళ్లు, ఒక మిషన్. సరుకు ఆన్‌లైన్‌లో పెట్టాలి. పెట్టే మనిషి మీరే అనుకుని చదవండి.

తప్పు ఎక్కడ పుట్టింది?

ఫ్లిప్‌కార్ట్ 2020 జూన్‌లో, అమెజాన్ ఇండియా అదే ఏడాది సెప్టెంబరులో తెలుగులో షాపింగ్ తెచ్చాయి. యాప్‌లోని బటన్లు, మెనూల మాటలు పరిమితమే కాబట్టి మనుషులు కూర్చుని చూసి ఖరారు చేయొచ్చు. కోట్ల ఉత్పత్తుల వివరాలను అలా చూడటం ఎవరికీ కుదరదు. అందుకే అమ్మకందారు ఇంగ్లిష్‌లో ఇస్తే, చాలావరకు తెలుగు పేజీని యంత్రమే తయారు చేస్తుంది. ఆ ఇంగ్లిష్ ఎలా ఉంటుందో చూడండి:

```
Foxtail Millet Rava Upma Rava Kangni Thinai Gluten Free
Diabetic Friendly Weight Loss Breakfast Ready to Cook
500g Pack of 2
```

ఇందులో ఒక్క పూర్తి వాక్యం లేదు. ఏ మాట దేనికి చెందిందో చెప్పే గుర్తు లేదు. వెతికేవాళ్లు టైప్ చేస్తారేమోనని నామవాచకాలన్నీ వరసగా పోశారు. ఇంగ్లిష్ చదివేవాడు అలవాటుకొద్దీ అర్థం చేసుకుంటాడు. యంత్రం అలా కాదు, అది చుట్టూ ఉన్న మాటలను బట్టి అర్థం ఎంచుకుంటుంది. చుట్టూ వాక్యమే లేనప్పుడు ‘ఫ్రీ’ అంటే లేనిదా, ఉచితమా అని తేల్చుకోలేదు. ‘స్టోర్’ అంటే దాచడమా, దుకాణమా అనేదీ అంతే. పైగా తెలుగులో మాటకు మాటకు సంబంధం విభక్తి చెప్తుంది. ఇంగ్లిష్ టైటిల్‌లో లేని సంబంధాన్ని యంత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? ‘యొక్క’ ఒకటి తగిలించి వదిలేస్తుంది.

గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది. 2017లో న్యూరల్ పద్ధతికి మారాక మామూలు వాక్యాలు చాలా మెరుగయ్యాయి. సరుకుల టైటిళ్లు అంతగా మెరుగవకపోవడానికి కారణం ఇదే. అవి వాక్యాలు కావు. కాబట్టి తెలుగు పేజీ పాడైందంటే, ముందు ఇంగ్లిష్ పేజీని అనుమానించాలి.

మొదటి అడుగు: ప్యాకెట్ చేతిలోకి తీసుకోండి

కీబోర్డు ముట్టుకునే ముందు ఒక కాగితం మీద ఐదు విషయాలు రాయండి. లోపల ఉన్నదేమిటి? ఎంత ఉంది? ఇంకేమైనా కలిపారా? ఎలా వండాలి? ఎన్నాళ్లు నిలవుంటుంది? జవాబులు పాత పేజీ నుంచి కాదు, ప్యాకెట్ మీది లేబుల్ నుంచి, ఆడించిన మనిషి నుంచి రావాలి.

మన కొర్ర రవ్వలో మొదటి చిక్కు బరువు దగ్గరే. “500 గ్రా 2 ప్యాక్” అంటే రెండు అరకిలో ప్యాకెట్లా, పావుకిలోవి రెండు కలిసి అరకిలోనా? యజమానిని అడిగితే రెండు అరకిలోలు, మొత్తం కిలో అన్నాడనుకోండి. ‘మొత్తం 1 కిలో’ అనే మాట పేజీలో ఎక్కడా లేదు. కిలో రేటు చూసి కొనేవాళ్లకు ఇదే అరకిలోకు చెప్పిన ధరలా కనిపిస్తుంది, ఎక్కువ అనిపిస్తుంది. ఒక్క మాట లేనందుకు పోయే బేరం ఇది.

ఈ వివరం అమ్మకందారు ఇష్టం కూడా కాదు. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర లాంటి వివరాలు ఆన్‌లైన్ పేజీలోనూ కనిపించాలి. 2018 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఇంకో మెట్టు ముందుకెళ్లాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోతే, అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోనని అనకూడదు. అంటే మీరు రాసే ప్రతి వాక్యం ఒక మాట ఇవ్వడమే.

రెండో అడుగు: పేరు సరిచేయండి

కొర్ర కంకి నక్క తోకలా గుబురుగా ఉంటుంది. ఇంగ్లిష్ వాళ్లు అందుకే ఆ పేరు పెట్టుకున్నారు. తెలుగువాళ్లకు ఆ పంట వేల మార్లు చూసిన పంట, దానికి సొంత పేరుంది. పేరును అనువదించకూడదు, వెతికి పట్టుకోవాలి. లిటిల్ మిల్లెట్ సామలు. కోడో మిల్లెట్ అరికెలు. బార్న్‌యార్డ్ మిల్లెట్ ఊదలు. ప్రోసో మిల్లెట్ వరిగలు. పెర్ల్ మిల్లెట్ సజ్జలు, ముత్యాలతో దానికి పని లేదు. పిజియన్ పీ మన కందులు, పావురాల బఠానీ కాదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, దగ్గరగా వినిపించే పేర్లు. కొర్రలు వేరు, అండుకొర్రలు వేరు. రెండోదాన్ని ఇంగ్లిష్‌లో బ్రౌన్‌టాప్ మిల్లెట్ అంటారు, మొక్కే వేరు. అనుమానం వస్తే శాస్త్రీయ నామం అడగండి. కొర్రలది సెటారియా ఇటాలికా. ఈ పేరు భాషలు మారినా మారదు కాబట్టి తప్పు వెంటనే తేలుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ప్రచురణల్లోనూ ఈ పేర్లు సరిచూసుకోవచ్చు.

రెండోది, ప్రాంతాన్ని బట్టి మారే పేర్లు. రాగులను తెలంగాణలో చాలాచోట్ల తైదలు అంటారు, ఉత్తరాంధ్రలో చోళ్లు అంటారు. టైటిల్‌లో అందరికీ తెలిసిన ‘రాగులు’ ఉంచి, మిగతా రెండూ వివరంలో ఒకసారి చెప్తే చాలు. టైటిల్‌లో మూడూ వరసగా పెడితే మళ్లీ మొదటికొస్తాం.

మరి వెతికేవాళ్ల సంగతేంటి? ఒకే మాటను పదిమంది పది రకాలుగా టైప్ చేస్తారు. దానికోసం చాలా ప్లాట్‌ఫామ్‌లలో కొనేవాళ్లకు కనబడని ‘సెర్చ్ టర్మ్స్’ గడి ఉంటుంది. మారుపేర్లు అక్కడ పెట్టాలి. ఆ గడికి పరిమితి అక్షరాల్లో కాకుండా బైట్లలో ఉంటే, ఇంజినీరింగ్ వాళ్లకు ఇది తెలిసి ఉండాలి:

```python
len("కొర్రలు".encode("utf-8"))  # 21
len("korralu".encode("utf-8"))  # 7
```

ఒకే మాట తెలుగు లిపిలో మూడింతల చోటు తింటుంది. చోటు తక్కువైనప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు పేరుకే ముందు చోటివ్వండి. ఫోన్‌లో చాలామంది టైప్ చేసేదీ అలాగే కదా.

మూడో అడుగు: గొప్పలను పరీక్షించండి

‘గ్లూటెన్ ఉచితం’ అనేదాన్ని ‘గ్లూటెన్ లేనిది’ అని మార్చేస్తే పని అయిపోయినట్టు కనిపిస్తుంది. కాలేదు. అసలు ఆ మాట నిజమా?

కొర్రల్లో సహజంగా గ్లూటెన్ ఉండదు. అది గోధుమ, బార్లీ లాంటి వాటిలో ఉంటుంది. కానీ ఆ యూనిట్‌లో అదే మిషన్ మీద పొద్దున గోధుమ పిండి ఆడించి, మధ్యాహ్నం కొర్ర రవ్వ ఆడిస్తే? మిషన్‌లో మిగిలిన గోధుమ పిండి రవ్వలో కలుస్తుంది. గ్లూటెన్ లేదని చెప్పుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదనేది ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణం. అది కంటితో చూసి చెప్పేది కాదు, ల్యాబ్ రిపోర్టు కావాలి. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు కొద్దిపాటి గ్లూటెన్ కూడా పడదు. వాళ్లు మీ చక్కటి తెలుగు వాక్యాన్ని నమ్మి కొంటారు. వంకర తెలుగే ఉండి ఉంటే, బహుశా కొనేవాళ్లే కాదు. నేను మొదట్లో చెప్పిన ప్రమాదం ఇదే.

కాబట్టి యజమానిని రెండు ప్రశ్నలు అడగాలి. ఈ మిషన్ మీద గోధుమ ఆడిస్తారా? రిపోర్టు ఉందా? రిపోర్టు లేకపోతే ఆ మాట తీసేయాలి. ఆడిస్తామంటే, “ఇదే మిషన్ మీద గోధుమ కూడా ఆడిస్తాం” అని రాయమని చెప్పాలి. ఆయన ఇబ్బంది పడతాడు. అయినా చెప్పాలి.

‘మధుమేహం స్నేహపూర్వక’ అనేదాన్ని కూడా ‘షుగర్ ఉన్నవాళ్లకు మంచిది’ అని దిద్దబోకండి. ఆహారం ఒక వ్యాధిని నివారిస్తుంది, నయం చేస్తుంది అనే తీరు ప్రచారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు ఒప్పుకోవు. ‘బరువు నష్టం’ కూడా అంతే. సాక్ష్యం చూపలేని మాటను తెలుగులో ఎలా చెప్పాలి అనే ప్రశ్నే తప్పు. దాన్ని ఇంగ్లిష్‌లో కూడా కొట్టేయాలి.

మరి ఏం మిగులుతుంది? ‘పాలిష్ చేయని’ అనే మాట ఉందనుకోండి, అది పనికొచ్చే వివరం. కొర్రలకు పై పొట్టు తీయకపోతే తినలేం. పొట్టు తీశాక లోపలి తవుడు పొర ఉంచేస్తే పాలిష్ పట్టనివి అంటాం. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఆ రవ్వ ఎక్కువ రోజులు ఉంటే కనరు వాసన వస్తుంది. ఈ సంగతి చెప్తే కొనేవాళ్లకు రెండు లాభాలు. రంగు కాస్త ముదురుగా ఎందుకుందో తెలుస్తుంది, తెరిచాక త్వరగా వాడుకోవాలనీ తెలుస్తుంది. వంద విశేషణాలకంటే ఇలాంటి ఒక కారణం నమ్మకం తెస్తుంది.

నాలుగో అడుగు: యంత్రం పాడుచేయలేని ఇంగ్లిష్

తెలుగు పేజీని నేరుగా దిద్దే అవకాశం అమ్మకందారుకు అన్నిచోట్లా ఉండదు. అలాంటప్పుడు మీ చేతిలో ఉన్నది మూలంలోని ఇంగ్లిష్ ఒక్కటే. దాన్ని యంత్రం తడబడకుండా రాయాలి:

```
Korralu Rava (Foxtail Millet Rava), 1 kg (2 packets x 500 g)

You will receive two packets. Each packet weighs 500 g.
This rava must be cooked before eating.
After opening, keep it in an airtight container.
```

ఏం మారిందో చూడండి. తెలుగు పేరు మొదట ఉంది, కాబట్టి యంత్రం దాన్ని అనువదించకుండా తెలుగు లిపిలోకి మార్చే అవకాశం ఎక్కువ. రెండర్థాల ‘స్టోర్’ పోయి ‘కీప్’ వచ్చింది. ‘రెడీ టు కుక్’ అనే ముక్క పోయి, తినేముందు వండాలని చెప్పే పూర్తి వాక్యం వచ్చింది. ‘వండడానికి సిద్ధం’ అని చదివి, వేడినీళ్లు పోస్తే అయిపోతుందనుకునేవాళ్లు ఉంటారు మరి. ప్రతి వాక్యంలో ఒక క్రియ, ఒకే విషయం. ఇంగ్లిష్ టీచర్ మెచ్చుకునే శైలి కాదు ఇది, అయినా పర్వాలేదు.

మార్చాక పని ముగియదు. ఫోన్‌లో భాష తెలుగు పెట్టుకుని, కొంత వ్యవధి ఇచ్చి, పేజీని మళ్లీ తెరిచి చదవాలి. ఏ వాక్యం ఇంకా వంకరగా ఉందో, దాని ఇంగ్లిష్‌ను ఇంకోలా రాసి చూడాలి. రెండు మూడు సార్లు పట్టొచ్చు.

ఐదో అడుగు: ఇప్పుడు తెలుగు

వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్, యూనిట్ సొంత వెబ్‌సైట్, ఫొటో మీద వేసే మాటలు, ప్యాకెట్‌లో పెట్టే చీటీ. ఇవన్నీ మీరే నేరుగా తెలుగులో రాయొచ్చు. ఇక్కడ యంత్రపు వాసనను పట్టించే గుర్తులు కొన్నే. ‘యొక్క’, ‘చేయబడింది’, ‘కలిగి ఉంది’, ‘మీకు అందిస్తుంది’. ఈ నాలుగూ కనబడితే ఆగండి. మాట తీసేయడం కాదు, ఆ విషయాన్ని కిరాణా కొట్టులో ఎలా చెప్తారో తలచుకుని వాక్యం మళ్లీ కట్టండి.

“ఈ ఉత్పత్తి అధిక నాణ్యత గల కొర్రల నుండి తయారు చేయబడింది.” దీన్ని “పూర్తిగా కొర్రలతో ఆడించిన రవ్వ. ఇంకేమీ కలపలేదు” అనొచ్చు. ‘అధిక నాణ్యత’ పోయింది, దాని బదులు సరిచూసుకోగల వివరం వచ్చింది.

“ఇది మీకు రుచికరమైన అల్పాహారాన్ని అందిస్తుంది.” రవ్వ ఎవరికీ ఏమీ అందించదు. “ఉప్మా, కిచిడీ చేసుకోవచ్చు” అంటే సరిపోతుంది.

“చల్లని పొడి ప్రదేశంలో దుకాణం.” ఇది “తడి తగలని చోట, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి పెట్టుకోండి” అవుతుంది.

రెండో వైపు గుంత కూడా ఉంది. యంత్రపు తెలుగు మీద కోపంతో కొందరు గ్రాంథికంలోకి వెళ్తారు. ప్యాకెట్‌ను పొట్లం చేస్తారు, కుక్కర్‌కు ఒక కొత్త పేరు పుట్టిస్తారు. ప్యాకెట్, కుక్కర్, ఆర్డర్, డెలివరీ ఇవి ఇప్పుడు తెలుగు మాటలే. ఇంట్లో వాడే మాటే పేజీలో ఉండాలి. అలాగే ఒక వాక్యంలో ‘నీకు’, ఇంకో వాక్యంలో ‘మీరు’ రాకూడదు. కొనేవాళ్లు ఎవరైనా ‘మీరు’ అనే గౌరవం చివరిదాకా నిలవాలి.

అన్నీ కలిపితే మన పేజీ ఇలా తయారవుతుంది:

“కొర్ర రవ్వ, 1 కిలో. అరకిలో ప్యాకెట్లు రెండు వస్తాయి. పూర్తిగా కొర్రలతో ఆడించింది, ఇంకేమీ కలపలేదు. పాలిష్ పట్టలేదు, అందుకే రంగు కాస్త ముదురుగా ఉంటుంది. ఉప్మాకు గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోయండి. తెరిచాక మూత గట్టి డబ్బాలో పెట్టి, త్వరగా వాడుకోండి. ఇదే మిషన్ మీద గోధుమ కూడా ఆడిస్తాం. గ్లూటెన్ పడనివాళ్లు గమనించండి.”

నీళ్ల కొలత కూడా ఊహించి రాయొద్దు. రవ్వ సన్నగా ఉందా, లావుగా ఉందా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. ఇంట్లో ఒకసారి వండించి, వచ్చిన కొలత రాయండి. ఇక్కడ రెండున్నర అనేది మన నమూనా యూనిట్ రవ్వకు.

బాగైందని ఎలా తెలుస్తుంది?

ఇంట్లో వంట చేసేవాళ్లకు ఈ పేజీ బయటికి చదివి వినిపించండి. స్క్రీన్ చూపించొద్దు. తర్వాత మూడే ప్రశ్నలు. ఏం వస్తుంది? ఎంత వస్తుంది? వచ్చాక ఏం చేయాలి? ముగ్గురిని అడిగితే ముగ్గురూ తడుముకోకుండా ఒకే జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు వాళ్లది కాదు.

పేజీ నడిచే కొద్దీ కస్టమర్ల ప్రశ్నలు, రివ్యూలు చదవండి. ‘అరకిలోయే అనుకున్నా’ అంటే బరువు వాక్యం ఇంకా తేటపడలేదు. ‘నీళ్లు పోస్తే ఉడకలేదు’ అంటే వండే వాక్యం కంటికి ఆనలేదు. ‘చేదుగా ఉంది, వాసన వస్తోంది’ అంటే అది రాతతో పోయే జబ్బు కాదు. సరుకు పాతదై ఉంటుంది, గోదాములో చూడాలి. రాత బాగుచేస్తే సరుకు బాగుపడదు. ఈ తేడా యజమానికి చెప్పగలవాడే ఈ పనిలో నిలబడతాడు.

ఉద్యోగం సంగతి

ఈ పనికి ఒకే పేరు లేదు. క్యాటలాగ్ ఎగ్జిక్యూటివ్, లిస్టింగ్ ఎగ్జిక్యూటివ్, లోకలైజేషన్ రివ్యూయర్, పోస్ట్ ఎడిటర్ అని రకరకాలుగా వెతకండి. యంత్రానువాదాన్ని మనిషి దిద్దే పద్ధతికి ఐఎస్ఓ 18587 అనే అంతర్జాతీయ ప్రమాణం 2017లో వచ్చింది. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఆ పని ఎలా ఉండాలని అది చెప్తుందో చదువుకుంటే మంచిది.

సర్టిఫికెట్‌కంటే ముందు మూడు నమూనాలు తయారు చేసుకోండి. ఇంట్లో ఉన్న మూడు సరుకులు తీసుకుని, పాత రాత, కొత్త రాత పక్కపక్కన పెట్టండి. మూడో వరసలో ప్రతి మార్పుకు కారణం రాయండి. ‘బాగుంటుందని మార్చాను’ అనేది కారణం కాదు. ‘మొత్తం బరువు ఎక్కడా లేదు’ అనేది కారణం. చూసేవాళ్లు మీ తెలుగుకంటే ఆ మూడో వరసనే ఎక్కువసేపు చూస్తారు.

పాశమైలారం, ఇస్నాపూర్ వైపు ఏదైనా చిన్న యూనిట్‌కు వెళ్లినప్పుడు ‘కంటెంట్ రాస్తాను సార్’ అనొద్దు. ఆ మాటకు వాళ్లకు అర్థం లేదు. ‘మీ పేజీలో మొత్తం కిలో అని లేదు సార్, కిలో రేటు చూసేవాళ్లకు మీదే ఎక్కువ ధరలా కనిపిస్తోంది’ అనండి. వెంటనే కుర్చీ చూపిస్తారు.

డబ్బు మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మాటల లెక్కన ఒప్పుకోకండి. బాగుచేసిన పేజీ పాతదానికంటే దాదాపు ఎప్పుడూ చిన్నదవుతుంది. మాటకు ఇంత అని ఒప్పుకుంటే, పని బాగా చేసినకొద్దీ మీకే తక్కువ వస్తుంది, అక్కర్లేని విశేషణాలు ఉంచేయాలనే ఆశా పుడుతుంది. ఒక సరుకుకు ఇంత అని మాట్లాడండి. ప్యాకెట్ చూడటం, యజమానిని అడగడం, తెలుగు పేజీ మళ్లీ తెరిచి సరిచూడటం అన్నీ ఆ మొత్తంలోనే ఉంటాయని ముందే చెప్పండి. ల్యాబ్ రిపోర్టు లేని మాట రాయనని కూడా అప్పుడే చెప్పేయండి. తర్వాత చెప్పడం కష్టం.